జింక్, ఆమ్లం, నలభై మంది పిల్లలు: ఒక ప్రయోగ పాఠాన్ని ముందే లెక్కగట్టడం

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం మొదలుపెట్టిన ప్రతి ఉపాధ్యాయుడూ ఎప్పుడో ఒకప్పుడు జింక్ ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వెలువడిన వాయువు దగ్గరకు మంటను తెచ్చి, ‘టప్’ మనే శబ్దాన్ని పిల్లలకు వినిపిస్తాడు. తానొక్కడే బల్ల దగ్గర నిలబడి చేసి చూపించడానికి పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. అదే ప్రయోగాన్ని నలభై మంది పిల్లలు తమ చేతులతో చేయాలంటే మాత్రం పుస్తకంలో ఉన్న ‘కొన్ని జింక్ ముక్కలు’, ‘కొంత ఆమ్లం’ అనే మాటలు సరిపోవు. కొన్ని అంటే ఎన్ని, కొంత అంటే ఎంత అన్నది తేలకుండా తరగతిలోకి అడుగుపెడితే, ఆ తరువాత ఎన్ని జాగ్రత్తలు చెప్పినా అవి గాలిలో మాటలే అవుతాయి. భద్రత కళ్లద్దాలతోనో, గోడ మీది నియమాల పట్టికతోనో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది కొలజాడీతో మొదలవుతుంది.

ముందుగా అసలు ప్రమాదం ఎక్కడ ఉందో చూద్దాం. జింక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసినప్పుడు జరిగే చర్య ఇది:

Zn + 2HCl → ZnCl₂ + H₂

హైడ్రోజన్ మండే వాయువు కనుక గదంతా నిండి అంటుకుంటుందేమోనన్న భయం చాలామంది ప్రధానోపాధ్యాయులకు ఉంటుంది. ఆ భయంతోనే కొన్ని బడుల్లో ఈ ప్రయోగం నల్లబల్ల మీది బొమ్మగా మిగిలిపోతుంది. నేను ఇక్కడ ప్రతిపాదించే పరిమాణాలతో పది బృందాలూ రెండేసి సార్లు చేసినా మొత్తం మీద పుట్టే హైడ్రోజన్ రెండున్నర లీటర్లకు మించదు. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గదిలో 1,44,000 లీటర్ల గాలి పడుతుంది. గాలిలో హైడ్రోజన్ కనీసం 4 శాతం ఉంటే తప్ప అంటుకోదు; మన గదిలో అది ఒక శాతంలో ఐదు వందలో వంతుకు కూడా చేరదు. అంటే ప్రమాదం గదిలో లేదు, పరికరం లోపల ఉంది. హైడ్రోజన్, గాలి సరిపాళ్లలో కలిసి ఇరుకైన గాజు పాత్రలో చిక్కుకున్నప్పుడు దానికి మంట తగిలితే ఆ పాత్ర పేలుతుంది. పాత్ర ఎంత పెద్దదైతే పేలుడు అంత పెద్దది.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, ఒక ఉన్నత పాఠశాలలో, శాంకవ కుప్పెకు రెండు రంధ్రాల బిరడా బిగించి, ఒక రంధ్రంలో థిసిల్ గరాటు, మరొక దానిలో వాయు వాహక నాళం అమర్చి, నాళం చివర నేరుగా అగ్గిపుల్ల పెట్టాను. చర్య మొదలై అప్పటికి అర నిమిషం కూడా కాలేదు; కుప్పెలో ఉన్న గాలి ఇంకా బయటకు పోలేదు. మంట నాళంలోంచి వెనక్కు పాకి లోపలికి చేరింది. బిరడా పైకప్పుకు తగిలింది, గరాటు ముక్కలైంది, ఆమ్లం నా చొక్కా ముందు భాగమంతా చిందింది. పిల్లలు మొదటి వరుసకు వెనకగా నిలబడి ఉండడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్కటి కాదు, రెండు: వాయువు పుట్టే పాత్ర దగ్గరకే మంట తీసుకువెళ్లడం ఒకటి, 250 మిల్లీలీటర్ల పాత్రలో చేయవలసిన అవసరం లేని పనిని అందులో చేయడం మరొకటి.

కాబట్టి లెక్కను వెనక నుంచి మొదలుపెట్టాలి. ‘టప్’ మనే శబ్దం వినిపించడానికి కావలసింది ఒక్క పరీక్షనాళిక నిండా హైడ్రోజన్, అంటే సుమారు 15 మిల్లీలీటర్లు. వాయువు పుట్టే నాళికలో ద్రవం పైన ఉన్న గాలిని కూడా అదే తరిమివేయాలి, కొంత పక్కలకు పోతుంది కూడా. అందుకని ఉదారంగా చూసుకున్నా అరవై మిల్లీలీటర్లు చాలు. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మోల్ వాయువు సుమారు 24 లీటర్లు ఆక్రమిస్తుందన్న లెక్కన, 2 మోలార్ గాఢత గల ఆమ్లం 5 మిల్లీలీటర్లు పూర్తిగా ఖర్చయితే 120 మిల్లీలీటర్ల హైడ్రోజన్ వస్తుంది. అవసరానికి రెట్టింపు. మరి 1 మోలార్ ఆమ్లం తీసుకుంటే సరిగ్గా అరవై వస్తుంది కదా అనిపించవచ్చు. అక్కడ అడ్డువచ్చేది పరిమాణం కాదు, వేగం. పలచటి ఆమ్లంలో బుడగలు నింపాదిగా వస్తాయి, నాళిక నిండడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా పిల్లలు విసుగెత్తి నాళికను ఊపడం మొదలుపెడతారు. 2 మోలార్ దగ్గర రెండు మూడు నిమిషాలలో పని అవుతుంది. అంతకంటె గాఢంగా చేస్తే నురుగు పొంగి, ఆమ్లపు తుంపర నాళిక మూతి దాటుతుంది.

జింక్ విషయంలో ఒక చిన్న ఎత్తు వేయాలి. ఆమ్లం మిగిలిపోయేలా కాకుండా, జింక్ మిగిలిపోయేలా పాళ్లు చూసుకోవాలి. మిగిలిన జింక్‌ను కడిగి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. మిగిలిన ఆమ్లం మాత్రం పిల్లల చేతుల మధ్య తిరిగే ప్రమాదం. ఒక బృందం రెండుసార్లు ప్రయోగం చేస్తే 10 మిల్లీలీటర్ల ఆమ్లం ఖర్చవుతుంది. అది ఎంత పూర్తిగా చర్య జరిపినా కరిగించగలిగే జింక్ 0.65 గ్రాములే. బృందానికి ఒకటిన్నర గ్రాము, అంటే ముక్కల పరిమాణాన్ని బట్టి నాలుగైదు ముక్కలు ఇస్తే రెండోసారికి కూడా లోహం, దాని ఉపరితలం చాలినంత ఉంటాయి. నలభై మందిని నలుగురేసి చొప్పున పది బృందాలు చేస్తే మొత్తం 15 గ్రాముల జింక్ కావాలి; అందులో ఎనిమిది గ్రాములకు పైగా తిరిగి సీసాలోకి వస్తుంది.

పది బృందాలకు 100 మిల్లీలీటర్ల ఆమ్లం, ముందురోజు మనం చేసి చూసుకోవడానికి 10, ఒలకబోతలకు మరికొంత కలిపి 150 మిల్లీలీటర్లు తయారుచేసుకుంటే సరి. బజారులో ప్రయోగశాలల కోసం దొరికే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలా సీసాల్లో 35 శాతం ఉంటుంది. అది సుమారు 11.3 మోలార్. కాబట్టి 150 మిల్లీలీటర్ల 2 మోలార్ ఆమ్లానికి కావలసిన గాఢ ఆమ్లం 27 మిల్లీలీటర్లు మాత్రమే. సీసా మీది చీటీలో శాతం వేరుగా ఉంటే లెక్క మళ్లీ వేసుకోవాలి. పాత సీసాలో ఎంత వాయువు తప్పించుకుపోయిందో తెలియదు కనుక ముందురోజు పరీక్షే అసలైన నిర్ధారణ.

సజల ఆమ్లాన్ని తయారుచేయడం ఉపాధ్యాయుడు తానే, పిల్లలు లేని వేళ చేయవలసిన పని. మన బడుల్లో పొగలు లాగే అర చాలాచోట్ల ఉండదు. వరండాలో, గాలి మన వెనక నుంచి వీచేలా నిలబడి చేసుకోవాలి. ఎండాకాలంలో మూసి ఉన్న సీసాలో వాయువు ఒత్తిడి పెరిగి ఉంటుంది కాబట్టి మూత తీయబోయే ముందు సీసాను నీడలో చల్లబరచి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, మూతను కొద్దికొద్దిగా వదులు చేయాలి. ముందుగా బీకరులో 110 మిల్లీలీటర్ల నీళ్లు, అందులోకి కొలిచిన ఆమ్లాన్ని సన్నటి ధారగా, గాజుకడ్డీతో కలుపుతూ పోయాలి. నీళ్లలోకి ఆమ్లమే తప్ప, ఆమ్లంలోకి నీళ్లు పోయరాదన్న నియమం పిల్లలకు కూడా కంఠస్థమే. కారణం మాత్రం తక్కువమంది చెబుతారు. ఆమ్లం, నీరు కలిసినప్పుడు వేడి పుడుతుంది. నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ వేడిని అవి పంచుకుంటాయి. ఆమ్లం మీద కొద్ది నీళ్లు పడితే ఆ వేడంతా ఆ కొద్ది నీళ్లకే తగిలి అవి ఎగజిమ్ముతాయి, వాటితో పాటు గాఢ ఆమ్లమూ ఎగురుతుంది. కలిపాక చల్లారనిచ్చి, చివరగా నీళ్లతో 150 గీత దాకా నింపాలి.

తయారైన ఆమ్లాన్ని ఒక పెద్ద సీసాలో ఉంచి తరగతి మధ్యలో పెట్టడం నేను మానేసి చాలాకాలమైంది. బృందానికి ఒక చిన్న డ్రాపర్ సీసా, అందులో 12 మిల్లీలీటర్లు, దాని మీద ఆమ్లం పేరు, గాఢత, తేదీ రాసిన చీటీ. శీతల పానీయపు సీసాల్లో, మంచినీళ్ల సీసాల్లో రసాయనాలు ఎప్పుడూ పోయకూడదు. చీటీ ఊడిపోయిన మరుక్షణం అవి మళ్లీ నీళ్ల సీసాలే అవుతాయి. ఇలా పంచడం వల్ల ఒక బృందం చేయగలిగిన అతి పెద్ద పొరపాటు కూడా 12 మిల్లీలీటర్లకు పరిమితమవుతుంది. నేను పరిమాణమే మొదటి భద్రత అనడంలో అర్థం ఇదే.

ముందురోజు పరీక్షను వదిలేయరాదని చెప్పడానికి మరో కారణం జింక్ స్వభావం. కొన్నిసార్లు ఆమ్లం పోసినా బుడగలు రావు. ముక్కల మీద బూడిదరంగు పొర పట్టి ఉంటే అది కరిగేదాకా ఒకటి రెండు నిమిషాలు చర్య నత్తనడక నడుస్తుంది. జింక్ మరీ స్వచ్ఛమైనదైనా అంతే. అప్పుడు పిల్లలు ఏం చేస్తారో అందరికీ తెలిసిందే: ఇంకాస్త ఆమ్లం పోస్తారు. దానికి విరుగుడు ఆమ్లం కాదు, ఒకే ఒక్క చుక్క కాపర్ సల్ఫేట్ ద్రావణం. జింక్ ఉపరితలం మీద రాగి పలచగా పేరుకుంటుంది. అక్కడ రెండు లోహాలూ ఒకదానినొకటి తాకుతూ ఆమ్లంలో మునిగి ఉండడం వల్ల చిన్న విద్యుత్ ఘటాల్లా పనిచేస్తాయి, హైడ్రోజన్ రాగి మీద నుంచి చురుకుగా వెలువడుతుంది. ముందురోజే ఒక నాళికలో చూసుకుంటే ఆ చుక్క అవసరమో కాదో తేలిపోతుంది, అవసరమైతే అందరి ముక్కల మీదా మనమే వేసి ఇవ్వవచ్చు.

ఇక గది అమరిక. ఇందులో నాకు చాలా ఉపయోగపడిన నిర్ణయం ఒక్కటే: ఆమ్లం ఉన్న బల్లల మీద మంట ఉండదు, మంట ఉన్న బల్ల మీద ఆమ్లం ఉండదు. గదికి ఒక మూలన, కిటికీ తెరలకు, గోడ పటాలకు దూరంగా ఒక బల్ల వేసి, దాని మీద తడి ఇసుక నింపిన పళ్లెంలో ఒక కొవ్వొత్తిని నిలబెట్టి, ఆ బల్ల దగ్గర నేనే నిలబడతాను. ఆ మూల తిరిగే ఫ్యాను ఆపివేయాలి. సారాయి దీపం అసలు వాడను. కొవ్వొత్తి పడిపోతే ఆరిపోతుంది, సారాయి దీపం పడిపోతే మంట పారుతుంది.

పిల్లలు తమ బల్ల దగ్గర స్టాండులో నిలబెట్టిన నాళికలోకి జింక్ ముక్కలను నేరుగా జారవిడవకుండా, నాళికను వంచి గోడవెంట జారనిస్తారు, లేకపోతే అడుగు పగులుతుంది. ఆ తరువాత ఆమ్లం పోసి, పూర్తిగా పొడిగా ఉన్న రెండో నాళికను దాని మూతి మీద బోర్లించి పట్టుకుంటారు. హైడ్రోజన్ గాలికంటె చాలా తేలిక కనుక పైకి లేచి బోర్లించిన నాళికలో చేరుతుంది. రెండు మూతుల మధ్య బిగింపు ఉండకూడదు, బిరడా అసలే వద్దు. గాలి బయటకు పోవడానికి సందు ఉంటేనే ఒత్తిడి పెరగదు. రెండు నిమిషాల తరువాత పై నాళికను నిటారుగా ఎత్తి, మూతి కిందికే ఉంచి, బొటనవేలితో మూసి, నడుచుకుంటూ మంట బల్ల దగ్గరకు తెస్తారు. అక్కడ వేలు తీసి, మూతిని కొవ్వొత్తి దగ్గరకు కొద్దిగా వాలుగా చేరుస్తారు. 15 మిల్లీలీటర్ల నాళికలో జరిగే ఆ చిన్న పేలుడు చేతికి ఒక చిన్న తోపులా తెలుస్తుందే తప్ప గాజును పగలగొట్టదు. అయినా పగుళ్లు, గీతలు ఉన్న నాళికలను ముందే ఏరి పక్కన పెట్టాలి.

ఇక్కడే పిల్లలు ఒక విషయాన్ని తమంతట తాము కనిపెడతారు, దానిని ఉపాధ్యాయుడు ముందే చెప్పేయకూడదు. అర నిమిషంలో తెచ్చిన నాళిక కీచుమని గట్టిగా మోగుతుంది. మూడు నిమిషాలు ఓపికగా నింపి తెచ్చిన నాళిక మెత్తగా, ఒక్కోసారి వినీ వినబడకుండా మండుతుంది. ఎక్కువ వాయువు ఉన్నదే ఎక్కువ శబ్దం చేయాలి కదా అన్నది వాళ్ల ప్రశ్న. గట్టిగా మోగినదానిలో గాలి కలిసి ఉంది, మెత్తగా మండినదానిలో దాదాపుగా హైడ్రోజనే ఉంది. నా చేతిలో ఆనాడు కుప్పె ఎందుకు పేలిందో ఈ రెండు నాళికల తేడాలోనే ఉంది, ఆ సంగతి అప్పుడు వాళ్లకు చెబుతాను.

కళ్లద్దాల గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బుడగలు పగిలినప్పుడు ఎగిరే ఆమ్లపు తుంపర కంటికి కనిపించదు. నాళికలోకి తొంగిచూడడం పిల్లల సహజ గుణం. కాబట్టి బల్ల దగ్గర ఉన్న ప్రతి ఒక్కరికీ రక్షణ కళ్లద్దాలు ఉండాలి. బడిలో ఇరవై మాత్రమే ఉంటే నలభై మందిని ఒకేసారి నిలబెట్టకుండా రెండు జట్లుగా చేయాలి, రెండో జట్టు ఆ సమయంలో పట్టిక గీసి లెక్క వేస్తుంది. పనిచేసే వాళ్ల చేత మాత్రమే పెట్టించి, పక్కనున్న వాళ్లను వదిలేయడం నేను ఒప్పుకోను. నిలబడే చేయాలి, ఎందుకంటే ఒలికినప్పుడు కూర్చున్న పిల్ల ఒడిలోనే పడుతుంది. జడలు ముడివేసుకోవాలి, చున్నీలు వెనక్కు కట్టుకోవాలి.

కంట్లో ఆమ్లం పడితే చేయవలసింది నీళ్లతో కడగడమే, అదీ ఇరవై నిమిషాలు ఆగకుండా, రెప్పలు తెరిచి పట్టుకుని. ఆ తరువాత, అప్పటికి మంట తగ్గినా సరే, వైద్యుడికి చూపించాలి. కుళాయి నీళ్లు బడివేళల్లో వస్తాయన్న నమ్మకం లేనిచోట, అడుగున కొళాయి ఉన్న 20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఒకటి నింపి బల్ల చివర పెట్టుకోవాలి. నిమిషానికి లీటరు చొప్పున సన్నగా వదిలితే సరిగ్గా ఆ ఇరవై నిమిషాలూ వస్తుంది. కంట్లో తినేసోడా నీళ్లు పోయరాదు. తినేసోడా బల్ల మీద ఒలికిన ఆమ్లం కోసం: దాని మీద చల్లి, పొంగు ఆగాక తడిగుడ్డతో తుడవాలి. చర్మం మీద పడినా మొదట నీళ్లే.

నలభై అయిదు నిమిషాల పీరియడులో శుభ్రపరిచే పనికి చివరి పన్నెండు నిమిషాలు విడిచిపెడతాను, గంట కొట్టాక కాదు. ఇది ఊడిగం పని కాదు, ప్రయోగంలో రెండో సగం, దీనికీ కొలతలున్నాయి. ఒక బక్కెట్టులో రెండు లీటర్ల నీళ్లు పోసి తరగతి ముందు పెట్టాలి. ప్రతి బృందం తమ నాళికలోని ద్రవాన్ని, ముక్కలు జారిపోకుండా, అందులోకి వంపుతుంది. నాళికను రెండుసార్లు కొద్ది నీళ్లతో కడిగి ఆ నీళ్లనూ అందులోనే పోస్తుంది. జింక్ ముక్కలను పాత వార్తాపత్రిక పరిచిన పళ్లెంలోకి దులుపుతారు. డ్రాపర్ సీసాలో మిగిలిన ఆమ్లాన్ని అసలు సీసాలోకి తిరిగి పోయకూడదు, అదీ బక్కెట్టులోకే.

ఆ బక్కెట్టును అలాగే కాలువలోకి కుమ్మరించడం తేలిక. ఆమ్లం సంగతి అలా ఉంచినా, కరిగిన జింక్ నీటిలోని జీవులకు హాని చేస్తుంది. అందుకు బట్టల సోడా వాడాలి. ఇందులో లెక్క ముచ్చటగా కుదురుతుంది: ఆమ్లం చర్య జరపకుండా మిగిలినా, పూర్తిగా జింక్ క్లోరైడ్‌గా మారిపోయినా, మొదట పోసిన ఆమ్లం అంతే అయితే కావలసిన సోడా కూడా అంతే. బృందానికి 12 చొప్పున 120 మిల్లీలీటర్ల ఆమ్లానికి స్ఫటికాల రూపంలోని సోడా 35 గ్రాములు సరిపోతుంది. కొట్టులో దొరికే దాని స్వచ్ఛతను నమ్మలేం కనుక 45 గ్రాములు తూచి ఉంచుకుని, చెంచా చెంచాగా వేస్తూ కలపాలి. కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది, అందుకే వెడల్పాటి బక్కెట్టు, మూత లేకుండా. పొంగు ఆగి, ఎర్ర లిట్మస్ నీలంగా మారేసరికి నీరు పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు జింక్ కార్బొనేట్ అవక్షేపం. సోడాకు బదులు సోడియం హైడ్రాక్సైడ్ వాడదామని తోచవచ్చు కానీ, అది కొద్దిగా ఎక్కువైతే ఏర్పడిన అవక్షేపమే మళ్లీ కరిగి నీళ్లలో కలిసిపోతుంది. మన శ్రమ వృథా అవుతుంది.

బక్కెట్టును తాళం వేసిన గదిలో రాత్రంతా కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి అడుగున తెల్లటి బురద, పైన తేట నీరు. తేట నీటిని మరో రెండు బక్కెట్ల నీళ్లతో కలిపి వదిలి, బురదను పాత నూలుగుడ్డలో వడగట్టి ఆరబెట్టి, చీటీ అంటించిన సీసాలో దాచవచ్చు. మూడు సెక్షన్లకు చేసినా ఒక చిన్న సీసా నిండదు. కడిగిన జింక్ ముక్కలు పత్రిక మీద ఆరాక వాటిని తూచి, ఎంత తగ్గిందో నోటు పుస్తకంలో రాయాలి. గరిష్ఠంగా ఆరున్నర గ్రాములు తగ్గవచ్చని మనకు తెలుసు. నాలుగే తగ్గిందంటే పిల్లలు తొందరపడ్డారని, ఆమ్లం ఇంకా మిగిలి ఉండగానే నాళికలు వంపేశారని అర్థం. మరుసటి రోజు ‘బి’ సెక్షనుకు మూడు నిమిషాలు ఎక్కువ ఇస్తాను.